ఆయన పేరు మీద ఆఖరి రిటర్ను

మా ఆయన గుడివాడలో ప్రభుత్వ టీచరు. జనవరిలో గుండెపోటుతో పోయారు. జూన్ మొదట్లో ఆయన ఫోనుకి, ఆదాయపన్ను రిటర్ను వేయమని మెసేజ్ వచ్చింది. ఏటా ఆయనే వేసుకునేవారు. పాస్‌వర్డ్ డైరీలో ఉంది కదా, నేనే వేసేద్దామనుకున్నాను. ధైర్యం చాలక బందరులో మాకు తెలిసిన ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లాను.

"ఆయన పేరుతో మీరు లాగిన్ అయి వేయకూడదమ్మా," అన్నారాయన. "వారసురాలిగా నమోదు చేసుకుని, మీ లాగిన్‌లోంచి వెయ్యాలి."

"ఏమేం కావాలో రాసివ్వండి. చెబితే గుర్తుండట్లేదండీ."

ఆయన తెల్లకాగితం తీసి రాశారు. డెత్ సర్టిఫికెట్. ఇద్దరి పాన్ కార్డులు. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. జీతం ఇచ్చిన ఆఫీసు నుంచి, జీతమూ కోసుకున్న పన్నూ చూపే ఫారం 16. ప్రతి బ్యాంకు నుంచీ వడ్డీ లెక్క, పోయిన ఏప్రిల్ నుంచి ఆయన పోయిన రోజు వరకు. ఆ తర్వాతి వడ్డీ, మీ ఫ్యామిలీ పెన్షన్ మీ రిటర్నులోకి వస్తాయన్నారు. పక్కన తేదీలు వేశారు: ఫ్యామిలీ సర్టిఫికెట్‌కి ఇవాళే దరఖాస్తు, ఫారం 16 జూన్ పదిహేనుకల్లా, నమోదు జూలై మొదటి వారంలో, కాగితాలన్నీ ఇరవైకి తన దగ్గరికి, గడువు ముప్ఫై ఒకటి. వేశాక ముప్ఫై రోజుల్లోపు ఓటీపీతో ఈ-వెరిఫై.

ఫారం 16 వేళకి వచ్చింది. ఫ్యామిలీ సర్టిఫికెట్ మాత్రం రాలేదు. మా వార్డు సచివాలయం నుంచి తహసీల్దారు ఆఫీసుకి, అక్కడి నుంచి మళ్లీ సచివాలయానికి తిరిగాను. "సంతకం అవ్వాలమ్మా, రేపు రండి" అనేవారు. జూలై ఎనిమిదిన చేతికొచ్చింది. నమోదుకు ఆమోదం వచ్చేసరికి పద్దెనిమిది అయింది.

అప్పుడు ఆడిటర్ గారు పన్ను శాఖ సైట్‌లో మా ఆయన ఆదాయాలన్నీ చూపే వార్షిక సమాచార పత్రం తెరిచి, "అవనిగడ్డ బ్యాంకులో డిపాజిట్ ఉందా అమ్మా? వడ్డీ పడింది," అన్నారు.

నాకు తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్ల కాపురంలో నాకు చెప్పనిది ఇంకేముందో అన్న భయం.

మర్నాడు బస్సెక్కి అవనిగడ్డ వెళ్లాను. మేనేజరు పాత కాగితం బయటికి తీశారు. మా ఆయన మొదటి ఉద్యోగం అక్కడే దివిసీమలో చేసినప్పుడు వేసిన డిపాజిట్ అది. ఎప్పటికప్పుడు దానంతటదే రెన్యూ అవుతూ వచ్చింది. నామినీ పేరు ఒకసారి మార్చారట. "మీ పెళ్లి ఎప్పుడయిందండీ?" అని అడిగారాయన. చెప్పాక కాగితం మీద తేదీ చూపించారు. పెళ్లయిన నెలలోనే మా ఆయన అత్తగారి పేరు తీయించి నా పేరు వేయించారు. నాకు చెప్పడం మరిచిపోయినట్టున్నారు.

వడ్డీ సర్టిఫికెట్ ఆడిటర్ గారికి ఇరవై రెండున ఇచ్చాను. ఇరవై ఐదున రిటర్ను వేశారు. నా ఫోనుకి వచ్చిన ఓటీపీ ఒక్కో అంకే చదివి చెప్పాను.

"అయిపోయిందమ్మా, ఈ-వెరిఫై కూడా," అన్నారు.

ఆయన ఆఫీసు మెట్లు దిగి, బస్సు కోసం కోనేరు సెంటరు దాకా నడిచాను. మా ఆయన తరఫున నేను చేయాల్సిన పని ఇక మిగల్లేదని అప్పుడు తెలిసింది. బస్సు వచ్చినా వెంటనే ఎక్కలేకపోయాను.