డెబ్భై ఐదు దగ్గర ఉప్పు

పరవాడలో ఓ మందుల కంపెనీ ల్యాబ్‌. అందులో ఐసీపీ మాస్ మెషీన్ పదకొండేళ్లుగా తబితా చేతి మీదే నడుస్తోంది. వంద కోట్ల పాళ్లలో ఒక పాలు లోహం ఉన్నా అది పసిగట్టేస్తుంది. "నాకు జ్వరమొత్తే అడగవు గానీ, దానికి కాస్త తేడా చేత్తే అన్నం మానేత్తావు," అని మొగుడు వరదానం దెప్పుతుంటాడు. అబద్ధమేం కాదు.

ఆ గురువారం అనకాపల్లి నుంచి కంపెనీ బస్సు దిగేసరికి గేటు దగ్గర బంగారయ్య కాచుకుని ఉన్నాడు. సెలైన్ తయారీకి వాడే శుద్ధి చేసిన ఉప్పు అతను సరఫరా చేస్తాడు. జూన్‌లో అతని లాట్ ఆర్సెనిక్ విషం ఎక్కువుందని తిరిగిపోయింది. నిన్న రెండో లాటూ అదే దారి పట్టింది. సాయంత్రం నాలుగింటి మీటింగ్‌లో సరఫరాదారుల లిస్టులోంచి అతని పేరు కొట్టేస్తారు.

"అమ్మా, మా ఉప్పులో ఇసం ఎలాగొత్తాదమ్మా? నీళ్లు మార్చేను, తొట్లు మార్చేను. ఇంకేటి సెయ్యమంటావు?"

"మెషీన్ అబద్ధమాడదండి," అనేసి లోపలికి వెళ్లిపోయింది తబితా. అనేసింది గానీ, ఆ మాట ఆమెకే నచ్చలేదు.

రిపోర్ట్ తీసి మళ్లీ చూసింది. గ్రాముకు ఒకటిన్నర మైక్రోగ్రాములు దాటకూడదు. వచ్చింది ఒకటీ పాయింట్ తొమ్మిది. ఉప్పు వేయకుండా ఒక్క నైట్రిక్ ఆమ్లంతోనే చేసిన బ్లాంక్ శుభ్రంగా ఉంది. తెలిసినంత ఆర్సెనిక్ కలిపి చూస్తే కలిపినదంతా తిరిగొచ్చింది. ఇంతకన్నా రుజువేం కావాలని జూన్‌లోనూ ఆమే సంతకం పెట్టింది.

ఈసారి ఒక్క ఆర్సెనిక్‌నే కాక చుట్టుపక్కల ద్రవ్యరాశులన్నీ తెరిచి చూసింది. మెషీన్ పరమాణువుల్ని బరువును బట్టి విడదీస్తుంది; ఆర్సెనిక్ ఎప్పుడూ డెబ్భై ఐదు బరువు దగ్గరే కనిపిస్తుంది. దానికి వేరే బరువున్న ఇంకో రూపం, ఐసోటోప్, లేదు. మరి డెబ్భై ఏడు దగ్గర గ్రాఫ్‌లో ఆ గుట్ట లాంటిది ఏమిటి? సెలీనియమా అంటే, అది ఎనభై రెండు దగ్గరా కనిపించాలి, అక్కడ దాని జాడే లేదు. లెక్కేసింది. డెబ్భై ఏడు దగ్గరున్నది డెబ్భై ఐదులో దాదాపు మూడో వంతు. క్లోరిన్ రెండు ఐసోటోపుల నిష్పత్తీ అంతే.

మెషీన్‌లో నమూనాని మండించే ప్లాస్మాలోని ఆర్గాన్ వాయువు, ఉప్పులోని క్లోరిన్ జతకట్టి ఆర్సెనిక్ బరువుతోనే వచ్చి కూర్చున్నాయి. బ్లాంక్‌లో క్లోరిన్ లేదు కాబట్టి అది శుభ్రంగా కనిపించింది. కలిపిన ఆర్సెనిక్ ఈ దొంగ లెక్క మీద అదనంగా చేరింది కాబట్టి తిరిగొచ్చినదీ సరిపోయింది. అన్నీ సరిపోతూనే మోసం చేశాయి. పద్ధతి రాసిందీ తనే. క్లోరిన్ ఊసే లేని పాత మందు పద్ధతిని కాపీ చేసి, సిగ్నల్ బాగా వస్తుందని ఆర్సెనిక్‌ని, ఇలాంటి జంటల్ని ఆపే హీలియం గ్యాస్ లేని మోడ్‌లోనే ఉంచేసింది.

హీలియంతో మళ్లీ నడుపుతానని వినగానే క్వాలిటీ హెడ్ దేవీప్రసాద్ మండిపడ్డాడు.

"ఏటి తబితా, ఫెయిలైతే గ్యాస్ మారుత్తావా? పాసయ్యేదాకా బటన్లు నొక్కేమని ఇన్‌స్పెక్టర్‌కి చెప్పమంటావా?"

"వద్దు సార్. ముందు ఉప్పు లేకుండా అదే లెక్క తెప్పించి చూపిత్తాను. ఆ తరవాతే గ్యాస్."

అతను అయిష్టంగానే విచారణ ఫారం మీద సంతకం చేశాడు. అప్పటికి పదకొండున్నర.

అతి శుద్ధమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ఉప్పు ద్రావణంలో ఉన్నంత క్లోరిన్ వచ్చేలా నీళ్లలో కలిపి మెషీన్‌కి పెట్టింది. అందులో ఆర్సెనిక్ లేదు. అయినా డెబ్భై ఐదు లేచి కూర్చుంది. దేవీప్రసాద్ కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.

తర్వాత మెషీన్ లోపల అయాన్లు దాటే సెల్ అనే చిన్న గదిలోకి హీలియం వదిలింది. జంటగా వచ్చే అయాన్ ఒళ్లు పెద్దది, హీలియంతో ఎక్కువసార్లు ఢీకొని శక్తి పోగొట్టుకుంటుంది. సెల్ చివరి అడ్డు దాటలేదు. ఒంటరి ఆర్సెనిక్ దాటేస్తుంది. కాకపోతే దాని సిగ్నల్ కూడా తగ్గుతుంది. అందుకని పోల్చి చూసే ప్రమాణ ద్రావణాలన్నీ హీలియంలోనే మళ్లీ నడిపింది. గడియారం రెండు దాటింది. ఆమ్లం నీళ్లు దాదాపు సున్నాకి పడ్డాయి. కలిపిన ఆర్సెనిక్ నూటికి తొంభై ఏడు వచ్చింది. అంటే హీలియం అసలు ఆర్సెనిక్‌ని మింగేయడం లేదు. అప్పుడు బంగారయ్య ఉప్పు పెట్టింది. సున్నా పాయింట్ ఒకటి.

"బతికించేవు," అన్నాడు దేవీప్రసాద్. "నిన్నటి లాట్ వరకూ రాసి మూసేద్దాం."

తబితా ఊరుకుంటే ఎవరికీ తెలియదు. పదకొండేళ్ల పేరు అలాగే నిలుస్తుంది.

"జూన్ నమూనా ఇంకా దాచి ఉంది సార్. దాన్నీ నడపాలి."

నడిపింది. అదీ సున్నా పాయింట్ ఒకటే. కారణం అన్న గడిలో పద్ధతి ఎంపిక తప్పని రాసి, కింద తన పేరు రాసింది.

మీటింగ్‌లో బంగారయ్య పేరు నిలిచింది. అనుమతి అడిగి తబితానే, పొద్దుటి నుంచీ అతను కాచుకున్న గేటు దగ్గరికి వెళ్లింది.

"మీ ఉప్పులో ఏం లేదండి. జూన్‌లోనూ లేదు. తప్పు నాది."

బంగారయ్య సంతోషిస్తాడనుకుంది.

"జూన్లో పన్నెండు మంది ఆడోళ్లని పనిలోంచి తీసేసేనమ్మా, తొట్లు సరిగ్గా కడగలేదని తిట్టి మరీ. ఆళ్లకిప్పుడు నేనేటని సెప్పేది?"