ఆ రోజు అసెంబ్లీలో అందరూ కూర్చున్నారు

ప్రిన్సిపాల్ మేడం చేతికి మైకు ఇవ్వడం ఎంత తేలికో, తిరిగి పుచ్చుకోవడం అంత కష్టం. బడిలో కొత్తగా చేరిన ప్యూనుకి కూడా మొదటి వారంలోనే ఈ సంగతి తెలిసిపోయేది. "రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను" అంటూ మొదలుపెట్టేది. ఆ రెండు ముక్కలూ అరగంట దాటినా అయ్యేవి కావు. పిల్లలు ఆవిడకి రెండు ముక్కల మేడం అని పేరు పెట్టుకున్నారు. ఆవిడకి ఆ పేరు తెలుసు, తెలియనట్టే ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో ఉన్నది అక్క ఒక్కతే, ఆవిడకి చెవులు సరిగ్గా వినిపించవు. ఇంట్లో వినే దిక్కు లేక ఆ కసి అంతా మన మీద తీర్చుకుంటోందని స్టాఫ్ రూములో నవ్వుకునేవారు. నవ్వుకున్నా, ఏ పిల్లకి జ్వరం వచ్చినా ఆటో పిలిచి పక్కన తనే కూర్చుని వెళ్ళే మనిషి ఆవిడేనని అందరికీ తెలుసు.

ఆ సోమవారం కుళాయిలు కట్టేయకుండా వదిలేసే వాళ్ళ మీద రెండు ముక్కలు నడుస్తున్నాయి. ఎండ చుర్రుమంటోంది. ఎనిమిదో తరగతి వరసలో ఒక పిల్ల చటుక్కున నేల మీద కూర్చుండిపోయింది. సన్నగా రివటలా ఉంటుంది, అందరినీ అనుకరించి నవ్విస్తుంది, బడి మొత్తానికి పిచ్చుక అంటేనే తెలుస్తుంది. మేడం మాట మధ్యలో తెగింది. తెగితే ఆవిడకి ఎంత ఒళ్ళుమంటో చెప్పనక్కర్లేదు.

"ఎవరక్కడ కూర్చుంది? కాళ్ళు అరువు తెచ్చుకున్నావా? లే."

"నాటకం మేడం" అని పక్కనే ఉన్న రెండు జడల పిల్ల అరిచింది. ఆ పిల్ల పిచ్చుకకి ప్రాణస్నేహితురాలు, ఒకటో తరగతి నుంచీ ఇద్దరిదీ ఒకే బెంచీ. మైదానమంతా గొల్లుమంది. పిచ్చుక కూడా నవ్వుతూనే లేచి సలాం కొట్టి నిలబడింది. మేడం కుళాయిల దగ్గరికి తిరిగి వెళ్ళింది.

మంగళవారం తెల్లవారి అయిదున్నరకి మేడం ఫోను మోగింది. పిచ్చుక చిన్నాన్న. ముందురోజు సాయంత్రం పుస్తకం ముందు కూర్చున్న పిల్ల కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయిందట. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదట. ఏ ఆసుపత్రో అడిగి మేడం ఫోను పెట్టేసింది.

ఆరుంపావుకి ఆవిడ ఆసుపత్రిలో ఉంది. ఎవరో చెప్పిన మాట పట్టుకుని బడిలో నోరు విప్పకూడదని ఆవిడ పట్టుదల. డాక్టరుని స్వయంగా అడిగింది. పుట్టుకతోనే గుండెలో లోపం ఉన్నట్టుందని, ఇంతవరకూ బయటపడలేదని, ఇలాంటివి ఒక్కోసారి చెప్పాపెట్టకుండా ప్రాణం తీస్తాయని ఆయన చెప్పాడు. ముందురోజు ఎండలో నిలబెట్టిన సంగతి, కూర్చుంటే లేపిన సంగతి ఆవిడ దాచకుండా చెప్పింది. నిలబడినందుకు ఇలా అయిందని అనలేమన్నాడు.

"అప్పుడే మీ దగ్గరికి తీసుకొచ్చి ఉంటే?" అని అడిగింది.

"తెలిసేదేమో, తెలిసేది కాదేమో. చెప్పలేనండీ" అన్నాడాయన.

పిచ్చుక తండ్రి బల్ల మీద తల దించుకుని కూర్చున్నాడు. తల్లే మేడం చెయ్యి పట్టుకుంది. బడిలో పిల్లలకి చెప్పాలమ్మా, ఏం చెప్పమంటారు, ఏం చెప్పొద్దంటారు అని మేడం అడిగింది. గుండె జబ్బని చెప్పేయమంది తల్లి, లేకపోతే పిల్లలు లేనిపోనివన్నీ ఊహించుకుంటారని. ఆసుపత్రి వివరాలు మాత్రం వద్దంది. ఫోటో కూడా వద్దంది. ఆ తరవాత ఇంకో మాట అంది.

"నిన్న ఇంటికొచ్చి మిమ్మల్ని చేసి చూపించింది మేడం. కాళ్ళు అరువు తెచ్చుకున్నావా అని. మేమందరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం."

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే ఎంతో కొంత నయంగా ఉండేదని మేడంకి అనిపించింది.

ఏడున్నరకి స్టాఫ్ అంతా ఆఫీసు గదిలో ఉన్నారు. మేడం పనులు పంచింది. ఎనిమిదో తరగతికి అందరికన్నా ముందు, వాళ్ళ గదిలోనే, తనూ క్లాసు టీచరూ కలిసి చెబుతారు. మూడో తరగతి లోపు వాళ్ళని మైదానంలోకి తీసుకురాకూడదు, ఎవరి టీచరు వాళ్ళకి మెల్లగా చెప్పాలి. హాజరు పిలిచేటప్పుడు పొరపాటున కూడా ఆ పిల్ల నంబరు నోట రాకూడదు, ఇవాళ్టికి తలలు లెక్కపెట్టుకోండి చాలు. ఆ పిల్ల కూర్చునే చోట ఏదీ తీసేయవద్దు, సర్దవద్దు, క్లాసు వాళ్ళని అడిగాకే ఏదైనా. లైబ్రరీ మేడం రోజంతా లైబ్రరీలోనే ఉంటుంది, ఏడవాలన్నా ఊరికే కూర్చోవాలన్నా ఎవరైనా వెళ్ళవచ్చు. డ్రిల్లు మాస్టారు గేటు దగ్గర ఉండి, మోసుకొచ్చే పుకార్లు అక్కడే ఆపాలి. ఇవాళ పరీక్షలు లేవు. మధ్యాహ్నానికి తల్లిదండ్రులందరికీ ఉత్తరం వెళ్ళాలి.

ఇక అసెంబ్లీలో చదవాల్సిన కాగితం. ఆవిడ మొదట రాసింది నాలుగు పేజీలు, అలవాటు ఎక్కడికి పోతుంది? వైస్ ప్రిన్సిపాలు లెక్కల మాస్టారు. నాలుగు పేజీల్నీ అడ్డంగా కొట్టేసి ఒక పేజీ చేశాడు. చేసి, మొదటి వాక్యంలో "శాశ్వత నిద్రలోకి జారుకుంది" అని తగిలించాడు. మేడం దాన్ని కొట్టేసింది. అలా అంటే రేపట్నుంచి నాలుగో తరగతి పిల్లలు పడుకోవడానికి భయపడతారు మాస్టారూ, చనిపోయింది అనే రాద్దాం అంది. నిన్నటి ఎండ సంగతి, లేపిన సంగతి రాయాలా అని ఆవిడే అడిగింది. ఎందుకు మేడం కొరివితో తల గోక్కోవడం, యాజమాన్యం ఊరుకోదు అన్నాడు మాస్టారు. సరే అనేసింది. అలా అన్నప్పుడు గుండె మీద నుంచి బరువు దిగినట్టయింది, ఆ తేలికకి తనమీద తనకే అసహ్యం వేసింది.

ఎనిమిదిన్నరకి ఎనిమిదో తరగతి గదిలో చెప్పారు. కొందరు భోరుమన్నారు, కొందరు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. రెండు జడల పిల్ల మాత్రం ఏడవలేదు. పక్క ఖాళీ మీద చెయ్యి వేసి కూర్చుంది. మేడం దగ్గరికి వెళ్ళి భుజం తాకితే తల ఎత్తకుండా అంది.

"నాటకం అన్నాను మేడం. నేనే అన్నాను. అందరూ విన్నారు."

నీ తప్పు లేదమ్మా అని మేడం చెప్పింది. ఆ పిల్ల విన్నట్టు లేదు. అందరి ముందూ అన్న మాటకి నాలుగు గోడల మధ్య ఇచ్చే ఓదార్పు ఏం సరిపోతుంది? రేపు ఏ పోకిరి అయినా నువ్వన్నావు కదా అంటే ఈ పిల్ల గతేమిటి? పదమూడేళ్ళ పిల్ల, బతుకంతా మొయ్యాలా దీన్ని? మేడం వరండాలోకి వచ్చి, కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని, పెన్ను తీసి, కింద మిగిలిన చోట రాసింది. మాస్టారు వచ్చి చదివాడు. వద్దని నోటిదాకా వచ్చింది, ఆవిడ మొహం చూసి మింగేశాడు. ఒక్కటే అడిగాడు, "మీలో ఎవరి వల్లా" అని ఎందుకు రాశారు, "ఎవరి వల్లా" అంటే సరిపోతుంది కదా అని.

"ప్రమాణం చేసి చెప్పగలిగింది అంతవరకే మాస్టారూ" అంది.

తొమ్మిదికి పిల్లలు వరసల్లో నిలబడ్డారు. కొందరికి సగం తెలిసిపోయింది, గుసగుసలు నడుస్తున్నాయి. మేడం మైకు అందుకుంది. రెండు ముక్కలు అనే మాట రాలేదు.

"అందరూ కూర్చోండి" అంది.

అసెంబ్లీలో ఆ మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. పిల్లలు టీచర్ల వైపు చూశారు. టీచర్లు ముందు కూర్చున్నారు, ఆ తరవాత వరస వెంట వరస నేల మీద సర్దుకుంది. మేడం కాగితం చూసి నిదానంగా చదివింది. ముందు పిల్ల పూర్తి పేరు పలికింది.

"మనం పిచ్చుక అని పిలుచుకునే ఎనిమిదో తరగతి అమ్మాయి నిన్న సాయంత్రం ఇంట్లో చనిపోయింది. గుండెలో ఎవరికీ తెలియని జబ్బు ఉంది. వాళ్ళమ్మగారు మీకు ఇంతవరకూ చెప్పమన్నారు. అది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదు. మీలో కొందరికి ఏడుపు వస్తుంది, కొందరికి కోపం వస్తుంది, కొందరికి ఏమీ అనిపించదు. ఏదీ తప్పు కాదు. లైబ్రరీ రోజంతా తెరిచి ఉంటుంది. అడక్కుండానే వెళ్ళవచ్చు. తెలియనివి ఎవరికీ చెప్పకండి. నన్ను అడగండి, తెలిస్తే చెబుతాను, తెలియకపోతే తెలియదంటాను."

ఇక్కడ ఆగి నీళ్ళు తాగింది.

"నిన్న ఇదే చోట తను కూర్చుంది. నేను లేపాను. ఏమైందని అడగకుండా కేకలేశాను. అది నా తప్పు. నేను కేకలేశాను కాబట్టే మీరు నవ్వారు. మీ నవ్వు వల్ల గానీ, మీరన్న మాట వల్ల గానీ తను చనిపోలేదు. ఈ ఉదయం డాక్టరు గారితో మాట్లాడాకే చెబుతున్నాను. మీలో ఎవరి వల్లా ఇది జరగలేదు. ఇవాళ్టి నుంచి ఈ మైదానంలో ఎవరికి నిలబడాలనిపించకపోయినా కూర్చోవచ్చు. నన్ను అడగక్కర్లేదు."

అంతే. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. మైకు తనంతట తనే స్టాండుకి పెట్టేసింది. తరగతులు ఒక్కొక్కటే లేచి, చప్పుడు లేకుండా లోపలికి వెళ్ళాయి.

రెండు జడల పిల్ల లేవలేదు. క్లాసు టీచరు దగ్గర నిలబడి మేడం వైపు చూసింది. మేడం మెట్లు దిగి వచ్చి, మోకాళ్ళు కలుక్కుమంటున్నా, ఆ పిల్ల పక్కన మట్టిలో చతికిలబడింది.

"మాలో ఎవరి వల్లా కాదన్నారు" అంది పిల్ల. "మరి మీ వల్లనా మేడం?"

అబద్ధం నాలుక చివర సిద్ధంగానే ఉంది. కాదమ్మా అంటే సరిపోయేది.

"డాక్టరు గారిని అడిగాను. చెప్పలేనన్నారు."

పిల్ల మొదటిసారి ఆవిడ మొహంలోకి చూసింది. తరవాత దగ్గరికి జరిగింది.

"అది మిమ్మల్ని భలే చేసేది మేడం."

"ఎలా చేసేది?"

పిల్ల గొంతు సవరించుకుంది, గడ్డం కొంచెం పైకెత్తింది, కనబడని మైకు పట్టుకుంది. "రెండు ముక్కలు చెప్పి..." అంది. ముగిస్తాను అనే మాట రాలేదు. ఏడుపు వచ్చింది, పొద్దుటి నుంచి ఆగి ఉన్నదంతా.

మేడం ఆ పిల్ల తల ఒళ్ళోకి తీసుకుంది. తెల్లవారి అయిదున్నర నుంచి ఆవిడ కంట కూడా చుక్క రాలేదు. ఇప్పుడు వచ్చింది. మొదటి పీరియడు గంట కొట్టడానికి వెళ్ళిన ప్యూను వాళ్ళిద్దరినీ చూసి, సుత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.