కొలిచాక ఉతికిన చొక్కా

రేవు దాటి బాంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీ పడవలో, ఎదురు బల్ల మీది అమ్మాయి టీషర్టు పైన గుండీలు పెట్టకుండా వేసుకున్న నీలం చొక్కాను హరిత గుర్తుపట్టింది. చెన్నై నుంచి ఓడలో వచ్చి దీవిలో దిగే పాత బట్టల మూటలోంచి దాన్ని ఏరింది, ఊడిన గుండీ కుట్టింది, కిటికీ వెలుగులో ఫొటో తీసి తన ఇన్‌స్టాగ్రామ్ పేజీలో అమ్మకానికి పెట్టింది తనే. ఓడ దిగిన మనిషినైతే ఏ ఊరని అడగొచ్చు గాని, చొక్కా తను ఎవరి ఒంటిదో చెప్పదు. దాన్ని మొన్న కొన్న లహరితో నెలల తరబడి మెసేజీల్లో కబుర్లే, ఎదురుపడటం ఇదే మొదలు. హోప్ టౌన్‌లో ఒంటరిగా ఉండే హరితకు రోజంతటిలో మాటలంటే అవే.

"లహరీ, నేను హరితని."

"మీరేనా దీదీ? చూడండి, గుండీలు పడట్లేదు. ఛాతీ దగ్గర పరిచి కొలిస్తే ఇరవై అంగుళాలని రాశారు కదా."

లహరి విప్పిన చొక్కాను హరిత బల్ల మీద పరిచి, సంచిలోని టేపుతో చంక నుంచి చంకకు కొలిచింది. పంతొమ్మిది. అంటే చుట్టూ రెండంగుళాలు తక్కువ. కొలత రాసుకున్నాక, మరకలు పోవాలని మరిగే నీళ్లలో నానబెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"నచ్చలేదంటే తీసుకోను, కొలత తప్పితే తీసుకుంటానని పేజీలోనే రాశాను. తప్పు నాదే," అని ఫోన్లో డబ్బు వెనక్కి పంపింది. టేపు చుట్టి సంచిలో వేసుకుంటూ, "మా ఇల్లు దగ్గరే. చాయ్ తాగి వెళ్దువుగాని," అంది.

లహరి ఫోన్లోంచి తల ఎత్తలేదు. "పైసా ఆ గయా దీదీ. సర్వీస్ బాగుందని స్టోరీ పెడతాలే."

ఫెర్రీ జెట్టీకి ఆనింది. హరిత చొక్కా మడిచి చంకలో పెట్టుకుని, ఒక్కతే జనంలో కలిసి ఇంటివైపు నడిచిపోయింది.