ఆండాళు గ్రూపుకు పెట్టిన గొళ్లెం

మా చౌటుప్పల్‌లో నాలుగో తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు మోతకు ఒకరాత్రి హైవే మీద లారీలన్నీ ఆగిపోయాయి. డ్రైవర్లు దిగి, ఏ కంపెనీలో సైరన్ మోగుతోందని అడిగారు.

సరే, లారీలన్నీ కాదు. ఒక్క లారీ. అది కూడా టైరు పగిలి ఆగింది. కానీ మోత మాత్రం నిజం. నా మనవడు ప్రమోద్ తరఫున ఆ గ్రూపులో ఉన్నది నేనే కనుక నా మాట నమ్మవచ్చు.

మా ఎదురింటి ఆండాళు కూతురు హరితది కూడా అదే తరగతి. ఆండాళు భర్త మగ్గం నేస్తాడు. చీర మీద పువ్వు ఎక్కడ పడాలో లెక్కచూసి, అక్కడ రంగు అంటకుండా పోగులకు రబ్బరు పట్టీలు బిగించి కట్టే పని ఆండాళుది. ఒక్క పోగు తప్పినా పువ్వు వంకరపోతుంది. చిన్నప్పుడు మా కాన్వెంటులో సిస్టర్లు కళ్లెర్రజేసినా రాని నిశ్శబ్దం, ఆండాళు పోగులు లెక్కపెడుతుంటే వీధికి దానంతటదే వచ్చేది. మా వీధిలో ఒక అలవాటుంది. లెక్కలో ఉన్న మనిషిని ఎవరూ పిలవరు. పనిమీద వచ్చినవాళ్లు తలుపు గొళ్లేనికి దారం ముక్క కట్టి పోతారు. లెక్క ముగిశాక లోపలివాళ్లు దారం చూసి, ఎవరొచ్చారో కనుక్కుని కబురు పెడతారు.

ఫోనుకు ఈ మర్యాద తెలియదు. పొద్దున గులాబీ పువ్వులు, మధ్యాహ్నం ప్లాట్ల ప్రకటనలు, సాయంత్రం ఉష టీచరు ఒక మాట చెబితే దానికింద నలభై దండాలు. అందరూ పడుకున్నాక అక్షిత తండ్రి వీరేశం మొదలుపెట్టేవాడు. అతను మందుల కంపెనీలో రెండో షిఫ్టు. 'లెక్కల్లో ఏ పేజీ? చార్టు తెల్లదా, రంగుదా?' అని అడిగేవాడు. నిద్ర చెడినవాళ్లు తిట్టేవారు. ఆ తిట్టినవాళ్లను ఇంకొందరు తిట్టేవారు.

విసిగిపోయి ఆండాళు గ్రూపు చప్పుడు ఆపేసింది, చూడటం కూడా తగ్గించింది. ఆ వారమే పిల్లల్ని దేవరకొండ కోటకు తీసుకుపోతున్నారు. బస్సు గంట ముందే బయల్దేరుతుందని టీచరు పెట్టిన కబురు గులాబీల కింద కూరుకుపోయింది. పులిహోర డబ్బా పట్టుకుని హరిత గేటు దగ్గరికి పోయేసరికి బస్సు లేదు. పిల్ల ఏడవలేదు. ఇంటికొచ్చి డబ్బా తల్లి చేతికిచ్చింది, అంతే. ఏడ్చి ఉంటే బాగుండేదని ఆండాళు నాతో అంది.

శనివారం తల్లిదండ్రుల మీటింగులో ఆమె లేచి నిలబడింది.

"టీచరమ్మా, గిది గ్రూపా, అంగడా? నా బిడ్డ బస్సు గీ అంగట్ల పోయింది. ఎవరేమనుకున్నా మంచిదే, దీనికొక పద్ధతి గావాలె."

"పద్ధతి నువ్వే పెట్టు అక్కా. అడ్మిన్‌వి గూడ నువ్వే ఉండు," అని టీచరు నవ్వింది.

అందరూ కలిసి కొన్ని మాటలు ఒప్పుకున్నారు. బడి సంగతులు తప్ప ప్లాట్లు, పార్టీలు, దేవుళ్లు గ్రూపులోకి రావద్దు. పిల్లల పేర్లు పెట్టి ఫిర్యాదు చేయొద్దు. ఆ మాటేదో టీచరుతో విడిగా చెప్పుకోవాలి. అడగకుండా పిల్లల ఫొటోలు పెట్టొద్దు. కబురు చూసినట్టు బొటనవేలు గుర్తు నొక్కితే చాలు, దండాలు రాయొద్దు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఏడు దాకా ఎవరూ రాయొద్దు. ప్రాణం మీదికొస్తే ఫోన్ చేయాలి.

నేను చెయ్యెత్తాను. "మరి నేను గ్రూపులో పెట్టే కథలు?"

"నీ కథలకు అరుగున్నది గద తాతా! ఫోనెందుకు?" అంది ఆండాళు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

మూడు రోజులు గ్రూపు తలుపులేసిన గుడిలా ఉంది. నాలుగో రాత్రి వీరేశం మళ్లీ అడిగాడు: 'రేపు సైన్సుకు ఏం తేవాలి?' షిఫ్టు వల్ల అతను మీటింగుకే రాలేదు. పద్ధతి రాసి పెట్టారు కానీ, చదివాడో లేదో. తెల్లవారాక ఆండాళు ఏమీ అడగకుండా అతన్ని గ్రూపులోంచి తీసేసింది.

ఆ వారంలోనే ఒకరోజు, షిఫ్టుకు పోయే ముందు వీరేశం ఆండాళు ఇంటికి వచ్చాడు. ఆమె పోగుల లెక్కలో ఉంది. అతను పిలవలేదు. గొళ్లేనికి దారం ముక్క కట్టి మా అరుగు మీద కూర్చున్నాడు. అతని తండ్రి కూడా మగ్గం నేసినవాడే.

చాలాసేపటికి ఆండాళు తలెత్తి దారం చూసింది. బయటికొచ్చింది.

"పిలవకపోయినవా అన్నా?"

"లెక్కల ఉన్నవ్ గద అక్కా. ఎట్ల పిలుస్త?"

"ఏం పని?"

"నిన్న సైన్సుకు పిల్లలందరు ఆకులు దెచ్చిండ్రట. మా అక్షిత ఒక్కతే ఉత్త చేతులతోటి పోయింది. నన్ను తీసేసినవ్ గద, కబురెట్ల దెలుస్తది?"

పులిహోర డబ్బా ఆండాళుకు గుర్తొచ్చిందని నాకు అనిపించింది.

"రాత్రిళ్లు రాయొద్దంటే ఇనకపోతివి," అంది చివరికి. గొంతులో బిగువు సగం పోయింది.

"కంపెనీ గేటు కాడ్నే ఫోన్ గుంజుకుంటరు. మా ఇంటామె తల్లికి బాగలేదని అచ్చంపేట పోయింది. ఇంట్ల మా అవ్వకు చదువు రాదు. నేనొచ్చి పుస్తకం జూసేది రాత్రే. పొద్దున నేను లేచేటాళ్లకు బిడ్డ బస్సెక్కుతది. ఇంకెప్పుడు అడగాలె?"

"గిప్పుడు దారం గట్టి కూసున్నవ్ గద! గ్రూపుల గీ బుద్ధి యాడికి వోయింది?"

"ఫోనుకు గొళ్లెం యాడున్నది అక్కా?"

నేను నవ్వబోయి ఆగాను, ఆండాళు నవ్వడం లేదు కనుక. ఆమె గొళ్లేనికున్న దారాన్ని విప్పి, వేలికి చుట్టుకుంటూ నిలబడింది. అడిగేవాడికి ఆ పూట తప్ప వేరే పూట లేదు. నిద్రపోయేవాళ్లకూ ఆ పూటే ఉంది. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. అయినా హరిత, అక్షిత ఇద్దరూ చిన్నబోయారు.

"నా నంబరే గొళ్లెమనుకో," అంది. "రాత్రి నా ఫోన్ సప్పుడు జెయ్యది. ఏమడగాలన్నా నాకొక్కదానికే రాసిపెట్టి పండుకో. పొద్దుగాల్నే జూసి మీ అవ్వకు ఫోన్ జేసి చెప్త. పని ఎక్కువైతే నెలకొకరం గొళ్లెమైతం."

"మరి గ్రూపు?"

"ఇంక రెండు గ్రూపులు. ఒకదాంట్ల టీచరమ్మ కబుర్లే, ఇంకెవ్వరం రాయొద్దు. దాంట్లకెల్లి ఎవర్నీ తీసెయ్యొద్దు, ఏం జేసినా సరే. ముచ్చట్లన్నీ ఇంకోదాంట్ల. పద్ధతి తప్పినోళ్లకు ముందుగాల ఒక్కరికే చెప్పాలె, నలుగుర్ల గాదు." ఆగి, "నేను గూడ నీకట్ల చెప్పాల్సిందే అన్నా," అంది.

షిఫ్టు బస్సు హారన్ వినిపించి వీరేశం పరుగెత్తాడు. మరునాడు టీచరు కొత్త గ్రూపు తెరిచింది. అందులో అందరికంటే ముందు చేరిన పేరు వీరేశానిదే. టీచరు తప్ప ఎవరూ రాయలేని గ్రూపు అది. నాకు మహా ఇరుకుగా ఉంది.

ఇదంతా రాసి ఆండాళుకు చదివి వినిపించాను. పోగుల మీది నుంచి కళ్లెత్తకుండా వింది.

"అంత అబద్ధం," అంది. "లారీ ఆగలే. దారం లేదు, గొళ్లెం లేదు. వీరేశమన్నను నేనెప్పుడు తీసేసిన? ఎవర్నీ తీసెయ్యలే. రాసుకో తాతా, ఎవర్నీ తీసెయ్యలే."