వాల్వు మామ వేలిముద్ర

వీధులకు నీళ్లు వదిలే వాల్వులు తిప్పడం మామ ఉద్యోగం. రిటైరై ఏళ్లు గడిచినా పేటకు ఆయన వాల్వు మామే. పెళ్లయ్యాక రాత్రిబడికి వెళ్లి అక్షరాలు దిద్దుకున్నాడు. జీతం పట్టీలో మొదటి సంతకం పెట్టిన రోజు నుంచి వేలిముద్ర వేసేవాళ్లంటే చులకన. అందరికంటే ముందు, నిశానీ అంటే వేలిముద్రే వేసే మా అత్త దొరికింది. ఆమెను ‘నిశానీ మహారాణీ’ అని పిలిచేవాడు.

ఈ ఏడు పక్షవాతం వచ్చి మామ కుడిచెయ్యి పడిపోయింది. బతికే ఉన్నట్టు బ్యాంకులో ఏటా ఇచ్చే ధ్రువపత్రం నెల మొదట్లోనే ఇచ్చేద్దామంటే వినలేదు. పాత కాలెండర్ల వెనక ఎడమచేత్తో సంతకం సాధన చేస్తూ కూర్చున్నాడు. చివరికి నవంబరు ఆఖరి రోజున వాళ్లిద్దరినీ ఆటోలో ఎక్కించుకుని వెళ్లాను. ఇవాళ ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది. ఇంటద్దె ఆగదు, అత్త షుగరు మందులు అసలే ఆగవు.

బ్యాంకులో కూర్చునే చోటు లేదు. గోడకు ఆనుకుని, కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డ ముసలివాళ్లే అంతా. మా వంతు వచ్చేసరికి ఆఫీసరమ్మ గొంతు కూడా అరిగిపోయింది.

“తాతగారూ, ఈ సంతకం మా దగ్గరున్నదానితో కలవట్లేదండీ.”

“సంతకం సంగతెందుకమ్మా, మనిషిని నేనే వచ్చాను కదా!”

“కాదనట్లేదండీ. కాగితం మీద కూడా మీరే అని ఉండాలి కదా. వేలిముద్ర వేయండి. ఇద్దరు సాక్షులు సంతకం పెడితే నేను ధ్రువీకరిస్తాను.”

“చదువుకున్నవాణ్ని. వేలిముద్ర వెయ్యను.”

మామ ఇంకో కాగితం తీసుకుని ఎడమచేత్తో మళ్లీ సంతకం పెట్టాడు. అక్షరాలు తాగినవాడిలా తూలాయి. ఆమె తల అడ్డంగా ఊపింది. వెనక నుంచి ఎవరో విసుక్కున్నారు: “తేల్చండయ్యా, మేమూ బతికున్నవాళ్లమే.”

ఆయన్ని ఇంతగా నిలబెట్టిన బ్యాంకు మీద నాకు ఒళ్లు మండింది. అంతకంటే ఎక్కువ ఆయన మీద మండింది.

అత్త ముందుకొచ్చి ఇంకు పెట్టె లాక్కుంది.

“ఏమయ్యా, ఇన్నాళ్లూ నేను వేస్తే లోకం మునిగిందా? ఇటివ్వు చెయ్యి.”

“నువ్వు ఊరుకోవే.”

“ఊరుకుంటే నా మందులు నీ సంతకం కొనిపెడుతుందా?”

మామ తల దించుకున్నాడు. ఎడమచెయ్యి చాపాడు. అత్త ఆ బొటనవేలిని ఇంకులో అద్ది, కాగితం మీద పెట్టింది.

“అదమకు, అలుక్కుపోతుంది. పక్క నుంచి పక్కకి దొర్లించు. అంతే.”

ముద్ర గీతగీతా పడింది. సాక్షిగా నేనొక సంతకం పెట్టాను. ఇందాక విసుక్కున్న పెద్దాయనే రెండోది పెట్టాడు. ఆఫీసరమ్మ స్టాంపు కొట్టి రసీదు ఇచ్చింది.

ఆటోలో మామ ఎవరి వైపూ చూడలేదు. ఇంకు వేలు పిడికిట్లో దాచుకున్నాడు. ఇల్లు దగ్గర పడుతుండగా అత్త సీసాలో నీళ్లతో చీర కొంగు తడిపి, ఆ పిడికిలి విప్పబోయింది.

“ఉండనీవే, అదే పోతుంది,” అన్నాడు నీరసంగా. కొంత దూరం పోయాక తనే చెయ్యి చాపాడు. “సరే, తుడువు, మహారాణీ.”

ఈసారి ముందు ‘నిశానీ’ లేదు.