పెద్దమ్మ రొట్టెకు పడిన ఓట్లు

నాకు రాయడం బాగా వచ్చని మా అన్న నమ్మకం. నాకూ ఉండేది ఆ నమ్మకం. అదే కొంప ముంచింది.

ఆదోనిలో మార్కెట్ యార్డుకు పోయే దారిలో మాకు భోజనాల హోటలుంది. వంట, సరుకులు అన్న చూసుకుంటాడు. కౌంటర్లో కూర్చోవడం, వాట్సాప్ గ్రూపు నడపడం నా పని. జిన్నింగ్ మిల్లుల గుమాస్తాలు, బ్యాంకు వాళ్లు, పత్తి కమీషన్ కొట్ల వాళ్లు అందరూ అందులోనే ఉన్నారు. రోజూ పొద్దున ఆనాటి కూరలేమిటో పెడితే, ఎవరికేం కావాలో చెప్పేవారు.

వంటింట్లో పనికి ఎమ్మిగనూరు నుంచి ఒక పెద్దమ్మ వచ్చేది. మాకు చుట్టం కాదు, వయసును బట్టి అలా పిలిచేవాళ్లం. ఆమె ఇంట్లో మగ్గం ఆగి చాలా కాలమైంది. ఆ తర్వాత భర్త కూడా పోయాడు. బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు తీసేశాక, పొద్దున్నే బస్సెక్కి వచ్చి కూరగాయలు తరిగి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేది. మనసు మంచిదే గానీ ఊరుకునే మనిషి కాదు. ఉల్లిగడ్డలు మెత్తబడి ఉంటే మా అన్ననే నిలబెట్టి అడిగేది. "ఏమప్పా, ఈ గడ్డలు యాడ ఏరుకొచ్చినావు? పశువులకేసేటివా?" అని. అన్న నవ్వేసి ఊరుకునేవాడు.

పోయిన చలికాలంలో మధ్యాహ్నం భోజనంతో పాటు ఇంకో ఐటం పెట్టాలనుకున్నాం. అన్న మనసు ఫ్రైడ్ రైస్ మీద ఉంది. నేను జొన్నరొట్టె, వంకాయ కూర అన్నాను. ఫ్రైడ్ రైస్ అయితే బయట నుంచి మాస్టర్ వస్తాడు, తరగడానికి తన మనిషిని తనే తెచ్చుకుంటాడు, మా కూరలకు కూడా అతనే తరిగేస్తాడు. అప్పుడు పెద్దమ్మకు పనుండదు. రొట్టె అయితే పొయ్యి ఆమెదే. ఈ సంగతి ఆమెకూ తెలుసు. రెండు రోజుల పాటు ఉల్లిగడ్డల మీద కూడా నోరు చేసుకోలేదు.

"మనమెందుకురా కొట్లాడేది? తినేటోళ్లనే అడుగుదాం. గ్రూపులో ఓటింగ్ పెట్టు" అన్నాడు అన్న. ఏం రాయాలో కూడా చెప్పాడు. "రెండు ఫోటోలు పెట్టు. ఏం ఐటమో, రేటెంతో, ఎప్పటినుంచి పెడతామో రాయి. మనిషికి ఒక్కటే ఓటు అని సెప్పు. సాలు."

అంతకు మించి అక్షరం అక్కర్లేదు. ఇప్పుడు తెలుస్తోంది. కానీ నాకు చేతులు ఊరుకోవు కదా! ఫోటోల కింద ఇలా రాశాను.

"మన హోటల్లో కొత్త ఐటం మీరే ఎంచుకోండి. మగ్గం ఆగిపోయి, భర్తను పోగొట్టుకుని, ఈ వయసులో రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చి కష్టపడుతున్న మన పెద్దమ్మకు మీ ఓటే ఆసరా. జొన్నరొట్టెనా, ఫ్రైడ్ రైసా? మనిషికి ఒక్కటే ఓటు. ఆదివారం సాయంత్రం వరకే."

దాని కిందే ఓటింగ్ పెట్టాను. రెండింటికీ నొక్కకుండా, ఒక్కటే ఎంచుకునేలా చేశాను. మొదటి ఓటు నేనే వేశాను, రొట్టెకు. తర్వాత టీ తాగుతూ రాసింది మళ్లీ మళ్లీ చదువుకున్నాను. కళ్లు చెమర్చాయి కూడా. ఛీ, ఎంత మురిసిపోయానో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రొట్టె గెలిచింది. అలా ఇలా కాదు, ఫ్రైడ్ రైస్‌కు వేసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గ్రూపు నిండా దండాలు పెట్టే బొమ్మలు, "పాపం", "మీరు గ్రేట్ అన్నా". కూరలో కారమెంత, రొట్టె ఎన్ని గంటలకు దొరుకుతుంది అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అప్పుడైనా నా బుర్ర వెలగలేదు.

పెద్దమ్మకు చదువు రాదు. ఫోన్ చూపించి, "ఇదంతా నీ రొట్టెకే పెద్దమ్మా" అన్నాను. తడి చేతులు చీరకు తుడుచుకుని తెర మీద పొడుగ్గా సాగిన ఓట్ల గీతను వేలితో తాకి చూసింది. "ఇంతమందికి నా రొట్టె ఇష్టమాప్పా!" అంది. మరునాడు ఎమ్మిగనూరు నుంచి తన పెనం మోసుకొచ్చింది. మా పెనం మీద రొట్టె సరిగ్గా కాలదట.

మొదటి రోజు కొందరు తిన్నారు. రెండో రోజు సగం మంది. తర్వాత అందరూ మామూలుగా అన్నం ముందే కూర్చున్నారు. "రేపు తింటాంలే" అనేవారు. పెద్దమ్మ మాత్రం ఓటేసిన వాళ్లంతా వస్తారని వేడినీళ్లతో పిండి కలిపి, తట్టి, కాల్చి, గుడ్డలో పేర్చి పెట్టేది. సాయంత్రానికి ఆ పేర్పు అలాగే ఉండేది. మిగిలినవి ఇంటికి తీసుకెళ్లి ఎండబెట్టేది.

"ఓట్లేసినోళ్లంతా యాడికి పోయినారురా?" అని అన్న నన్ను నిలదీశాడు.

నాకూ కోపం వచ్చింది. రోజూ వచ్చే ఒక బ్యాంకు ఆయన్ను పట్టుకుని కౌంటర్ దగ్గరే అడిగేశాను. ఆయన అటూ ఇటూ చూసి మెల్లగా చెప్పాడు.

"ఏమనుకోవద్దన్నా. నువ్వు అంత బాధగా రాసినాక ఫ్రైడ్ రైస్‌కి ఎట్లేసేది? ఎవురు దేనికేసినారో పేర్లతో సహా అందరికీ కనపడతాంది కదా. మా మేనేజర్ కూడా గ్రూపులో ఉండాడు. మనసు లేనోడు అనుకోరా?"

వంటింటి గుమ్మంలో చప్పుడైంది. పెద్దమ్మ నీళ్ల బిందెతో నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు.

ఆ వారం చివర్లో అన్న రొట్టె తీసేశాడు. సోమవారం నుంచి ఫ్రైడ్ రైస్ మాస్టర్ వస్తాడని ఆమెకు చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆమె ఏడవలేదు. పెనం కడిగి సంచిలో పెట్టుకుని నా ముందుకొచ్చి కూర్చుంది.

"ఆ పొద్దు ఫోన్లో ఏం రాసినావో సదువప్పా. ఇనాల."

"ఇప్పుడెందుకు పెద్దమ్మా?"

"సదువు."

చదివాను. 'భర్తను పోగొట్టుకుని' అన్న చోట ఆమె ముఖం తిప్పుకుంది. 'ఆసరా' దగ్గరికి వచ్చేసరికి నాకే భూమిలోకి పోవాలనిపించింది.

"అయిపాయనా?"

"అయిపోయింది."

"నా మొగుడు సచ్చింది రాసినావు. నా మగ్గం రాసినావు. బస్సు కూడా రాసినావు. నా రొట్టె ఎట్లుంటాదో ఒక్క ముక్క రాయలేదేమప్పా?"

నేను ఫోన్ కౌంటర్ మీద బోర్లా పెట్టాను.

"నేను అడుక్కుంటానంటినా నీతో? మెత్తగా ఉంటాది, పొంగుతాది, తినండి అని రాసింటే తినేటోళ్లు తిందురు, లేనోళ్లు లేదు. అప్పుడు ఓడిపోయినా నా రొట్టె ఓడిపోయిండేది." సంచి దగ్గరికి లాక్కుంటూ అడిగింది. "అయినా నువ్వెట్ల రాస్తావులే. నువ్వు తిన్నావా ఒక్కనాడన్నా?"

తినలేదు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక నేనూ అందరిలాగే అన్నమే తినేవాణ్ణి. రేపు తిందాంలే అనుకునేవాణ్ణి.

ఆమె సంచి భుజానికేసుకుని బస్టాండు వైపు వెళ్లింది. పెనం బరువుకు ఒక పక్కకు వంగి నడుస్తోంది. ఆపి సంచి అందుకోవాలన్న బుద్ధి కూడా నాకు పుట్టలేదు.

వంటింట్లోకి వెళ్తే గుడ్డలో నాలుగు రొట్టెలు మిగిలి ఉన్నాయి. ఈసారి తీసుకుపోలేదు. కూర అయిపోయింది. ఒకటి తీసి, నిలబడే ఉత్తది తిన్నాను. చల్లారినా మెత్తగానే ఉంది.