ఆమని గొంతు లేచిన రోజు

ఆమనికి గట్టిగా మాట్లాడటం చేతకాదు. తెల్లాపూర్‌లో వాళ్ల అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరైనా తన కాలు తొక్కినా, "సారీ అండీ" అనేది ఈ పిల్లే. అలాంటిది పోయి పోయి ఊపిరి పరీక్షలు చేసే చదువులో చేరింది. ఆ పనిలో సగం మిషను, సగం గొంతు. పేషెంటు నిండా గాలి పీల్చి, గొట్టంలోకి బలంగా ఊది, లోపల ఇంకేమీ లేదనిపించేదాకా ఊదుతూనే ఉండాలి. మధ్యలో ఆపకుండా పక్కన నిలబడి అరవాలి.

ఈ పిల్లా అరిచేది! పేషెంటు ముఖం కాస్త ఎర్రబడితే చాలు, జాలిపడి "చాలండి, చాలండి" అనేసేది. ఊదే గాలితోపాటు తెర మీద పైకి పోతున్న గీత కాస్తా సగంలో తెగిపోయేది. గచ్చిబౌలి ఆసుపత్రిలో ట్రైనింగంతా ఇదే వరస. సీనియర్ టెక్నీషియన్ భాగ్యమ్మ కంప్యూటర్ చూసి నెత్తి కొట్టుకునేది.

"ఏందమ్మా గిది, పెండ్లిచూపులకు కూసున్నవా? జర గొంతు లేపు. మళ్ల తియ్యి ఇగ."

చివరి పరీక్షలో ఆమని ఒకసారి తప్పింది కూడా. మొదటి సెకనులో బయటికొచ్చే గాలిని ఎఫ్ఈవీ వన్ అంటారు. అది తగ్గిందని చూడగానే కళ్లు మూసుకుని "అబ్‌స్ట్రక్టివ్" అని రాసేసింది, అంటే గాలి గొట్టాల్లో అడ్డంకి అని. ఊపిరితిత్తులు బిగుసుకుపోయి గాలే తక్కువ పట్టినా అది తగ్గుతుంది కదా! దాన్ని రెస్ట్రిక్టివ్ అంటారు. ముందు చూడాల్సింది నిష్పత్తి. మొత్తం ఊదిన గాలి ఎఫ్‌వీసీ. అందులో మొదటి సెకనుది డెబ్బై శాతం కూడా లేకపోతే అడ్డంకి. నిష్పత్తి బాగుండి మొత్తమే తగ్గితే, బిగుసుకుందేమోనని అనుమానం. ఈసారి ఆమని బస్సులోనూ ఇదే జపం చేసింది. పాసైతే ఆ ల్యాబులోనే ఉద్యోగం. తప్పితే ఆ కుర్చీ వేరొకరికి పోతుంది, అది తలచుకుంటేనే ఏడుపొస్తోంది.

మౌఖిక పరీక్షకు బయటినుంచి డాక్టర్ రామ్మోహనరావు గారు వచ్చారు. ఒక రిపోర్టు ముందుకు తోశారు. ఎఫ్ఈవీ వన్ ఒకటి పాయింట్ ఏడు లీటర్లు, తక్కువ. ఎఫ్‌వీసీ రెండు పాయింట్ ఒకటి, అదీ తక్కువే. నిష్పత్తి ఎనభై పైమాటే.

"చెప్పమ్మా, ఏ పాటర్న్?"

రెస్ట్రిక్టివ్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో చూపు పక్కనున్న గీత మీద పడింది. గీత ఇంకా పైకి పోతూనే రెండో సెకనులో టక్కున ఆగిపోయింది. అయ్యో, ఇది తనకు తెలిసిన గీతే. ఏడాదంతా తన చేతులతో తీసిన గీతే!

"ఏ పాటర్నూ చెప్పలేనండి. పరీక్ష మళ్లీ చెయ్యాలి."

"నీ ముందు ముగ్గురూ రెస్ట్రిక్టివ్ అన్నారు. అంకెలు స్పష్టంగానే ఉన్నాయిగా. మార్చుకుంటావా?"

ఆమని ఆ గీత వైపు ఇంకోసారి చూసింది. ఉద్యోగం కళ్లముందు కదిలింది. "లేదండి. ఊదడం మధ్యలో ఆగిపోయింది, గీత చదునుగా అవలేదు. ఎఫ్‌వీసీ ఉన్నదానికంటే తక్కువగా వచ్చుంటుంది. భాగించేది దానితోనే కాబట్టి, అది తగ్గితే నిష్పత్తి నిజానికి బాగోకపోయినా బాగున్నట్టు కనిపిస్తుంది. అడ్డంకి ఉన్నా దాక్కుంటుందండి."

"ఇంత నమ్మకంగా ఎలా చెబుతున్నావు?"

"ఇలాంటివి చాలా తీశానండి," అంది నేల చూస్తూ.

ఆయన నవ్వాపుకున్నారు. "అయితే పూర్తిగా తీసి చూపించు. ఈ రిపోర్టు పేషెంటు బయటే ఉన్నాడు."

ఖాజాగూడ రామన్న లోపలికొచ్చాడు. దశాబ్దాలు బీడీలు కాల్చిన మనిషి, చేతిలో తువ్వాలు. "పొద్దుగాల నడిమిట్ల ఆపమన్నది ఈ డాక్టరు సారే బిడ్డా. నాకేం ఎరుక," అన్నాడు. పిల్లల కోసం పన్నిన వల అన్నమాట.

రామన్న గొట్టం నోట పెట్టి ఊదాడు. ఒక్క సెకను గడిచేసరికి ముఖం ఎర్రబడింది. "చాలండి" అన్న మాట ఆమని గొంతులో మెదిలింది. దాన్ని మింగేసింది.

"ఊదండి! ఊదండి, ఇంకా, ఇంకా, ఇంకా! ఆపకండి తాతా, ఊదూ!"

బయట భాగ్యమ్మ టీ గ్లాసు దించి తలుపు తీసి చూసింది. గీత మెల్లగా సాగి సాగి చదునైంది. ఇంకో రెండుసార్లు అలాగే ఊదించింది, మూడూ ఒకేలా వచ్చాయి. ఎఫ్ఈవీ వన్ అదే ఒకటి పాయింట్ ఏడు. ఎఫ్‌వీసీ మాత్రం రెండు పాయింట్ తొమ్మిది. నిష్పత్తి అరవైకి కూడా అందలేదు.

"అబ్‌స్ట్రక్టివ్ అండి," అంది ఆమని. ఈసారి కళ్లు మూసుకుని అనలేదు.

రామన్న ఆయాసపడుతూ నవ్వాడు. "గిట్ల గదమాయిస్తే ఎవరు ఊదరు బిడ్డా! మా ముసల్ది సుత గింత మొత్తుకోదు."

సాయంత్రం అమ్మ భ్రమరాంబ ఫోన్లో గాభరాపడింది. "గొంతేమైందే, ఏడ్చావా? మళ్లీ పోయిందా?"

"పోయిందమ్మా," అంది ఆమని బొంగురుగా, "గొంతొక్కటే పోయింది. సోమవారం నుంచి ఉద్యోగానికి రమ్మన్నారు."